అమ్మా పిన్నీ వెళ్ళాయా, వెళ్ళారా?

పర్లాకిమిడి

చిరంజీవులు పిల్లలిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. చిన్నోడి తెలుగు నోటుబుక్కు, దాని మీద పెద్దదాని ఎర్ర పెన్ను గీతలు. ఎవరిది రైటో అమ్మమ్మే తేల్చాలని ఇద్దరూ పంతం పట్టారట. ఫోన్లో చెబితే సగం వినకుండానే మళ్ళీ మీలో మీరు మొదలుపెడతారు, అందుకని కాగితం మీద రాస్తున్నాను. పక్కపక్కన కూర్చుని చదవండి.

చిన్నోడు రాసిన మొదటి వాక్యం ఇది: "నిన్న మా అమ్మ, పిన్ని సంతకి వెళ్ళాయి." అక్క "వెళ్ళాయి" కొట్టేసి పైన "వెళ్ళింది" అని రాసింది. చిన్నోడిదీ తప్పే, అక్కదీ తప్పే. అయితే ఇద్దరూ ఒక లెక్క ప్రకారమే రాశారు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూస్తే విషయం తెలిసిపోతుంది.

అక్క లెక్క చిన్నది. ఆడవాళ్ళు కాబట్టి "వెళ్ళింది" అనుకుంది. క్రియకి పక్కనే "పిన్ని" ఉంది, "పిన్ని సంతకి వెళ్ళింది" అని చెవికి బాగానే వినిపించి ఉంటుంది. కానీ ఆ వాక్యంలో వెళ్ళింది పిన్ని ఒక్కతే కాదు. "అమ్మ, పిన్ని" అని కామా పెట్టినా, "అమ్మా పిన్నీ" అని దీర్ఘాలు తీసినా ఇద్దరయ్యారు, కర్త బహువచనమైంది. క్రియ చూడాల్సింది పక్కనున్న మాటని కాదు, మొత్తం కర్తని.

చిన్నోడికి ఇద్దరున్నారని తెలిసింది. వాడి తప్పు ఇంకో చోట ఉంది. ఈ ఆరు వాక్యాలు పైకి చదవండి.

నాన్న వచ్చాడు. అమ్మ వచ్చింది. ఆవు వచ్చింది.
అన్నయ్యలు వచ్చారు. అక్కలు వచ్చారు. ఆవులు వచ్చాయి.

పై వరసలో అమ్మకీ ఆవుకీ క్రియ ఒకటే, నాన్నకి వేరు. కింది వరసకి వచ్చేసరికి అక్కలు ఆవుల్ని వదిలేసి అన్నయ్యల పక్కకి చేరారు. ఇదే తెలుగులో తమాషా. ఒక్కరున్నప్పుడు తెలుగు క్రియ మగవాడా, కాదా అని చూస్తుంది. ఎక్కువమంది ఉన్నప్పుడు మనుషులా, కాదా అని చూస్తుంది. పాత వ్యాకరణంలో దీనికి పేర్లున్నాయి. మగవాళ్ళని చెప్పే మాటలు మహత్తులు, తక్కినవి అమహత్తులు, ఆడవాళ్ళని చెప్పేవి మహతీ వాచకాలు. మహతీ వాచకం ఏకవచనంలో అమహత్తు దారిన, బహువచనంలో మహత్తు దారిన నడుస్తుంది. పరీక్షలో అడిగితే తప్ప ఈ పేర్లు గుర్తు లేకపోయినా నష్టం లేదు, ఆ ఆరు వాక్యాలు నోటికి వస్తే చాలు.

చిన్నోడు ఏం చేశాడంటే, "అమ్మ వెళ్ళింది, ఆవు వెళ్ళింది, ఆవులు వెళ్ళాయి" అని మూడు నిజాలు పెట్టుకుని "అమ్మా పిన్నీ వెళ్ళాయి" అని నాలుగోది తేల్చాడు. తర్కానికి వంక పెట్టలేం. అసలు మీ రాయగడ చుట్టుపక్కల కొండల్లో కువి మాట్లాడే కంధ పిల్లలు మీ స్కూల్లోనే ఉంటారు కదా, వాళ్ళ భాషలో నియమం అదే. కువి కూడా మన తెలుగుకి చుట్టమే, ద్రావిడ భాషే. అందులో ఒక్కరైనా ఎక్కువమందైనా ఒకటే లెక్క, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళూ పశువులూ వస్తువులూ ఇంకో పక్క. గోండీలో కూడా అంతే. ఇటు తమిళం, కన్నడం చూస్తే ఒక్క ఆడమనిషికి కూడా విడిగా ఒక క్రియారూపం ఉంటుంది. మన తెలుగు ఈ రెండిటికీ మధ్యలో ఉంది. కాబట్టి చిన్నోడా, నువ్వు రాసిన పద్ధతి లోకంలో లేనిది కాదు, తెలుగులో లేనిది.

"అయితే అమ్మని ఆవుతో కలిపేస్తారా?" అని పెద్దది మూతి ముడుస్తుందని తెలుసు. క్లాసులో ఆడపిల్లలు నన్ను ఈ ప్రశ్న అడగని ఏడాది లేదు. క్రియ చివర ఉండేది మర్యాద పట్టిక కాదమ్మా. మర్యాద కావాలంటే దానికి వేరే దారి ఉంది, కిందకి వస్తుంది.

అనుమానం వచ్చినప్పుడు సరిచూసుకునే పద్ధతి ఒకటి చెబుతాను. కర్తని తీసేసి దాని చోట సర్వనామం పెట్టండి. అమ్మ, పిన్ని అన్న చోట ఏం వస్తుంది? "అవి" అంటామా? అనం. "వాళ్ళు" అంటాం. వాళ్ళు అన్నాక నోరు దానంతటదే "వెళ్ళారు" అంటుంది. అదీ జవాబు: "నిన్న మా అమ్మ, పిన్ని సంతకి వెళ్ళారు."

కర్తల్లో మీరు కూడా ఉంటే ముందు దాన్ని చూసుకోవాలి. "నేను, అక్క వెళ్ళాము", ఎందుకంటే నేను ఉన్న గుంపు "మేము" అవుతుంది. "నువ్వు, అక్క" అయితే "మీరు", కాబట్టి "వెళ్ళారు". నేను, మేము, నువ్వు, మీరు అన్నప్పుడు ఆడా మగా తేడా క్రియలో కనిపించదు. నోటుబుక్కులో ఈ రకం వాక్యాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అక్కడితో వదిలేస్తున్నాను.

ఇక రెండో వాక్యం: "పెరట్లో ఆవులు మేస్తున్నారు." దీన్ని అక్క కూడా దిద్దకుండా వదిలేసింది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, రోజంతా మీరు స్కూల్లో ఒడియా చదువుతారు. ఒడియాలో పిల్లలు ఆడుకుంటుంటే "పిలామానే ఖేళుఛంతి", ఆవులు మేస్తుంటే "గాఈమానే చరుఛంతి". రెండిటి చివరా "-ఛంతి"యే. పిల్లలకైనా ఆవులకైనా బహువచనం అదే. అన్న వచ్చినా చెల్లి వచ్చినా "ఆసిలా"యే, ఆడా మగా తేడా అసలు లేదు. ఆ అలవాటు తెలుగులోకి తెచ్చుకుంటే "-ఛంతి" ఉన్న చోటల్లా "-రు" పడిపోతుంది. పద్ధతి ప్రకారం చూడండి. ఆవులు అంటే "అవి". అవి మేస్తున్నాయి. ఆవులు మేస్తున్నాయి. మన ఊళ్ళ వైపు పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా చాలామంది పిల్లల పేపర్లలో ఈ తప్పు చూశాను. ఇంట్లో మాట్లాడేటప్పుడు చేయరు, రాసేటప్పుడే చేస్తారు. అంటే మీ చెవికి తెలుసు, చేతికే తెలియదు. రాశాక ఒకసారి పైకి చదవండి.

మూడోది: "తాతగారు ఇంట్లోనే ఉన్నాడు." తాత ఒక్కడే, మగవాడు, కాబట్టి "ఉన్నాడు" అని చిన్నోడి లెక్క. "తాతయ్య ఉన్నాడు" అని రాసి ఉంటే నేను ముట్టుకునేదాన్ని కాదు, చాలా ఇళ్ళల్లో అలాగే అంటారు. కానీ "గారు" తగిలించాక క్రియలో కూడా ఆ గౌరవం రావాలి, "తాతగారు ఉన్నారు". అమ్మ వెళ్ళింది, అమ్మగారు వెళ్ళారు. ఇక్కడ మీకు ఒడియా పనికొస్తుంది. "బాపా ఆసిలే" అని నాన్నకి బహువచన రూపం వాడతారు కదా, అదే పద్ధతి.

నాలుగో వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. "చీకటి పడినా వాళ్ళు ఇంకా రాలేరు." ఇక్కడ అక్క రైటు కొట్టింది. వాళ్ళు అంటే "-రు" కదా అని ఇద్దరూ అనుకున్నారు. కానీ జరిగిపోయిన పని జరగలేదని చెప్పేటప్పుడు తెలుగు క్రియ ఎవరికీ మారదు. నేను రాలేదు, నువ్వు రాలేదు, అమ్మ రాలేదు, వాళ్ళు రాలేదు, ఆవులు రాలేదు. అన్నిటికీ ఒకటే. "రాలేరు" అంటే తప్పు మాట కాదు, వేరే అర్థం: రావడం వాళ్ళ వల్ల కాదు. వాగు పొంగింది, ఈ రాత్రికి వాళ్ళు రాలేరు, అలాంటప్పుడు రాయాలి. చిన్నోడు చెప్పదలుచుకున్నది వాళ్ళు ఇంకా చేరలేదని, కాబట్టి "ఇంకా రాలేదు".

మళ్ళీ "లేదు" ఒంటరిగా ఉంటే మారుతుంది, జాగ్రత్త. అమ్మ ఇంట్లో లేదు, వాళ్ళు ఇంట్లో లేరు, ఆవులు కొట్టంలో లేవు. పైన చెప్పిన ఆరు వాక్యాల వరసే ఇక్కడా నడుస్తుంది. "రా", "వెళ్ళ", "తిన" లాంటి వాటికి అతుక్కుని జరగలేదని చెప్పేటప్పుడు మాత్రమే అది కదలకుండా ఉంటుంది.

పెద్దదానా, "పొయ్యి మీద పాలు పొంగాయి" అని తమ్ముడు సరిగ్గా రాస్తే నువ్వు "పొంగింది" చేశావు. గిన్నెడు పాలు ఒక్కటే అనిపించింది నీకు, ఒడియాలో "ఖీర" ఏకవచనమే. తెలుగులో పాలు, నీళ్ళు ఎప్పుడూ బహువచనమే. సర్వనామం పెట్టి చూడు, "అవి పొంగాయి". కొళాయిలో కూడా నీళ్ళు వచ్చాయి, వచ్చింది కాదు. ఆ గీత చెరిపేయి.

నేను మాట్లాడేటప్పుడు "ఎల్లినాది", "ఎల్లినారు" అంటానని, అది తప్పని మొన్న నవ్వారు. అది మన వైపు యాస. చూడండి, అందులోనూ అమ్మ ఎల్లినాది, అమ్మా పిన్నీ ఎల్లినారు, ఆవులు ఎల్లినాయి. రూపం మారింది, వరస మారలేదు. పరీక్షలో మాత్రం "వెళ్ళారు" అని రాయండి. ఇంకో మాట. మీ తాతగారి పాత పుస్తకాల్లో "రాముడు వెళ్ళెను, సీత వెళ్ళెను" అని కనిపిస్తుంది. ఆ గ్రాంథికంలో ఏకవచనానికి ఆడా మగా తేడా లేదు, ఆవులకి కూడా "వెళ్ళెను" అనే రాస్తారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పేవారు. పాత పుస్తకం చూసి ఇప్పటి వాక్యం దిద్దకండి.

ఆఖరి వాక్యం: "తాతగారు, ఆవులు ఇంటికి వచ్చారు." దీనికి సర్వనామం దొరకదు. "వాళ్ళు" అంటే ఆవులు ఇమడవు, "అవి" అంటే తాతగారు ఇమడరు. వచ్చారు అన్నా వచ్చాయి అన్నా ఏదో ఒకటి ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఇలాంటప్పుడు క్రియతో కుస్తీ పట్టకుండా వాక్యాన్నే మార్చేస్తాం: "తాతగారు ఆవుల్ని తోలుకుని ఇంటికి వచ్చారు." చిన్నోడు ఆ పేజీ మొత్తం మళ్ళీ రాసి ఫోటో పంపాలి. ఎర్ర పెన్ను ఈసారి మీ అమ్మ దగ్గర ఉంచండి.

మీ
అమ్మమ్మ