అసమాపక క్రియల గొలుసు: అపోహలు - వాస్తవాలు

పదేళ్లుగా ఇతరుల రాతలు దిద్దుతున్నాను. ‘వచ్చి’, ‘తిని’ లాంటి, వాక్యాన్ని ముగించని క్రియలను ఒకదాని వెనక ఒకటి గొలుసుగా పేర్చడం గురించి రాసేవాళ్ల నోట తరచూ వినే మూడు మాటలివి.

అపోహ: ‘వచ్చి’, ‘తిని’ భూతకాలాన్ని చెబుతాయి.

వాస్తవం: వ్యాకరణంలో వీటికి ‘భూతకాలిక అసమాపక క్రియ’ అని పేరుండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. “రేపు వచ్చి చూస్తాను” అంటే రావడం ఇంకా జరగలేదు. చూడటం కంటే రావడం ముందు అని మాత్రమే ‘వచ్చి’ చెబుతుంది. కాలం సంగతి చివరి క్రియది.

అపోహ: గొలుసులోని పనులన్నిటికీ కర్త ఒక్కరే ఉండాలి.

వాస్తవం: ఎక్కువసార్లు నిజమే. “అన్న వచ్చి తమ్ముడు వెళ్లాడు” అంటే చెవికే తేడాగా ఉంటుంది. అక్కడ ‘వచ్చాక’ అనాలి. కానీ “వాన పడి పంట మునిగింది” అనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. మొదటిది రెండోదానికి కారణం, పైగా రెండూ ఎవరూ కావాలని చేసినవి కావు. “ఆయన వచ్చి వారమైంది” అన్నదాంట్లో కారణం కూడా లేదు, గడిచిన కాలం లెక్కే ఉంది. అదీ సరైనదే.

ఇది చూడండి: “బస్సు దిగి, గొడుగు లేక గబగబా నడిచి వస్తుండగా పెద్ద వాన పడి, తడిసి ముద్దయి ఇంటికి చేరాను.” అసమాపక క్రియలు ఏడు, సమాపక క్రియ ఒక్కటే. ‘నేను’ అన్న మాటే లేదు. ‘చేరాను’లోని ‘ను’ వచ్చేదాకా దిగిందెవరో తెలియదు. మధ్యలో కర్త వానకు మారింది. అంతకుముందున్న ‘వస్తుండగా’ దానికి దారి ఇచ్చింది కాబట్టి తడబాటు లేదు.

అపోహ: గొలుసు పొడుగైతేనే అర్థం చెడుతుంది.

వాస్తవం: పై వాక్యం పొడుగే, అయినా చక్కగా అర్థమవుతుంది. నా అనుభవంలో అసలు ప్రమాదం చివర ‘లేదు’ వచ్చినప్పుడు. ఒకసారి రోగి గురించి రాసిన నోట్‌లో ఈ చిన్న వాక్యం కనబడింది: “రాత్రి మందు వేసుకుని పడుకోలేదు.” మందు వేసుకున్నాడా? వేసుకున్నాడు కానీ పడుకోలేదు అనుకోవచ్చు. పడుకున్నాడు కానీ మందు వేసుకోలేదు అనుకోవచ్చు. రెండూ చేయలేదనీ అనుకోవచ్చు. ‘లేదు’ చివరి క్రియ దగ్గరే ఆగిందో, వెనక ఉన్న ‘వేసుకుని’ దాకా పాకిందో రాతలో తెలియదు. మాట్లాడేటప్పుడు ‘వేసుకుని’ని ఒత్తి పలికితే తెలిసిపోతుంది, కాగితం మీద ఆ వీలు లేదు.

అందుకే గొలుసు చివర ‘లేదు’ కనబడితే ఒక్కో క్రియకూ దాన్ని తగిలించి చదువుతాను. రెండు అర్థాలు వస్తే గొలుసు తెంపేస్తాను: “మందు వేసుకున్నాడు కానీ పడుకోలేదు.” లేదా ఆ కాదనడాన్ని దాని క్రియకే అప్పగిస్తాను: “మందు వేసుకోకుండా పడుకున్నాడు.” ఆ నోట్ రాసినావిడను అడిగితే ఆమె ఉద్దేశం ఈ రెండోదే.