ఒకే రిపోర్టులో రెండు మ్యుటేషన్లు: ఒకటి అమ్మది, ఒకటి ఇంటిల్లిపాదిది

హై-గ్రేడ్ సీరస్ అనే రకం అండాశయ క్యాన్సర్ వచ్చిన 54 ఏళ్ల తల్లి రిపోర్టు పట్టుకుని కూతురు వచ్చిందనుకుందాం. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను ల్యాబ్‌కు పంపితే, పది పేజీల కాగితం వచ్చింది. అందులో అసలు విషయం, రెండు జన్యువుల్లో మార్పులు చెప్పే ఈ రెండు లైన్లే:

```
BRCA1   c.68_69del   VAF 71%
TP53    c.524G>A     VAF 43%
```

కూతురు అడిగేది ఒక్కటే. "డాక్టర్ గారూ, ఇది అమ్మ వరకేనా, నాకూ వచ్చినట్టేనా?" ఈ ప్రశ్నకు జవాబు ఆ పది పేజీల్లో లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆల్ఫ్రెడ్ నడ్‌సన్ అనే డాక్టర్ రెటినోబ్లాస్టోమా వచ్చిన 48 మంది పిల్లల వివరాలు ముందేసుకుని కూర్చున్నారు. చిన్నపిల్లల కంటిలో వచ్చే క్యాన్సర్ అది. రెండు కళ్లలోనూ వచ్చిన పిల్లలకు అది చాలా చిన్న వయసులోనే బయటపడుతోంది. ఒక్క కంటిలోనే వచ్చిన వాళ్లకు కాస్త ఆలస్యంగా వస్తోంది. ఆ తేడాను లెక్కగట్టి ఆయన ఒక మాట చెప్పారు. ఈ క్యాన్సర్ మొదలవ్వాలంటే జన్యువుకు రెండు దెబ్బలు తగలాలి. కొందరు పిల్లలు మొదటి దెబ్బతోనే పుడతారు. అది వాళ్ల ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది కాబట్టి, ఇంకొక్క దెబ్బ తగిలితే చాలు. మిగతా పిల్లలకు రెండు దెబ్బలూ పుట్టాక, కంటిలోని ఒకే కణంలో తగలాలి.

పుట్టుకతో వచ్చిన మార్పును జెర్మ్‌లైన్ అంటారు, తర్వాత ఒంట్లో ఎక్కడో ఒకచోట వచ్చిన మార్పును సొమాటిక్ అంటారు. మొదటిది తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, పిల్లలకు వెళ్లే అవకాశం సగం. రెండోది ఆ గడ్డతో పుట్టి ఆ గడ్డతోనే పోతుంది. కొన్నిసార్లు జెర్మ్‌లైన్ మార్పు ఆ మనిషిలోనే కొత్తగా మొదలవుతుంది కూడా.

చాలా ఏళ్ల పాటు ఈ రెండూ ఆసుపత్రిలో వేర్వేరు దారుల్లో నడిచాయి. 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం, కుటుంబాల్లో చిన్న వయసులో వచ్చే రొమ్ము క్యాన్సర్‌కు కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించింది. 1994లో ఆ జన్యువే దొరికింది, దాన్నే బీఆర్‌సీఏ1 అన్నారు. ఆ తర్వాత వచ్చిన పరీక్ష రక్తం మీద చేసేది. ఇంట్లో నలుగురికి క్యాన్సర్ వచ్చిందని తెలిస్తేనే చేయించేవారు. గడ్డను పరీక్షించడం మాత్రం మందు ఏది పనిచేస్తుందో చూడటానికి. రక్తం బంధువుల కోసం, గడ్డ మందు కోసం అన్నట్టుగా ఉండేది. అందుకే గందరగోళం లేదు.

ఓలాపారిబ్ లాంటి మందులు వచ్చాక ఆ గీత చెరిగిపోయింది. బీఆర్‌సీఏ జన్యువు డీఎన్ఏ తెగితే అతికించే పని చేస్తుంది. అది చెడిన క్యాన్సర్ కణం ఇంకో మరమ్మతు దారి మీద ఆధారపడి బతుకుతుంది. ఆ దారినీ ఈ మందు మూసేస్తుంది. 2014 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఓలాపారిబ్‌ను అనుమతించినప్పుడు రక్తంలో బీఆర్‌సీఏ మార్పు ఉండాలన్నది షరతు. 2016లో అదే కోవకు చెందిన రుకాపారిబ్ వచ్చేసరికి గడ్డను పరీక్షించినా సరిపోయింది, ఎందుకంటే మార్పు పుట్టుకతో వచ్చినా మధ్యలో వచ్చినా ఆ కణానికి మరమ్మతు దారి లేనట్టే. మందు కోసం చేసిన గడ్డ పరీక్షలో ఇప్పుడు కుటుంబం సంగతీ వచ్చి పడుతోంది, కానీ ఆ సంగతి ఇదీ అని ఆ కాగితం చెప్పదు.

మళ్లీ ఆ రెండు లైన్ల దగ్గరికి వద్దాం. VAF పక్కనున్న శాతం అంటే, ఆ జన్యువు ప్రతుల్లో ఎన్నింటిలో మార్పు కనిపించిందో చెప్పే లెక్క. పుట్టుకతో వచ్చింది ప్రతి కణంలో సగం ప్రతుల్లో ఉంటుంది కాబట్టి 50కి దగ్గరగా ఉండాలని చాలామంది అనుకుంటారు. అలా చూస్తే 43 ఉన్న టీపీ53 కుటుంబానిది, 71 ఉన్న బీఆర్‌సీఏ1 గడ్డది అనిపిస్తుంది. ఇక్కడే బోల్తా పడతాం.

ఆ ముక్కలో 100 కణాలు ఉన్నాయనుకోండి, 60 క్యాన్సర్‌వి, 40 మామూలువి. బీఆర్‌సీఏ1, టీపీ53 రెండూ 17వ క్రోమోజోమ్ మీదే ఉంటాయి, ఈ రకం క్యాన్సర్‌లో కణాలు ఒక 17వ క్రోమోజోమ్‌ను పోగొట్టుకోవడం తరచూ జరిగేదే. పోయింది మంచి ప్రతులున్న క్రోమోజోమ్ అయితే, 60 క్యాన్సర్ కణాల్లో మార్పున్న ఒక్కో ప్రతే మిగులుతుంది, 40 మామూలు కణాల్లో రెండేసి. మొత్తం 140 ప్రతులు. బీఆర్‌సీఏ1 మార్పు పుట్టుకతో వచ్చిందైతే క్యాన్సర్ కణాల్లో 60, మామూలు కణాల్లో 40, కలిపి 100 ప్రతుల్లో ఉంటుంది. 140లో 100 అంటే 71 శాతం. టీపీ53 మార్పు గడ్డలోనే పుట్టిందైతే క్యాన్సర్ కణాల 60 ప్రతుల్లోనే ఉంటుంది. 140లో 60 అంటే 43. ఆ పోయిన క్రోమోజోమే నడ్‌సన్ చెప్పిన రెండో దెబ్బ.

ఈ లెక్క బాగా అతికినా ఇది ఊహే. ఇంకో లెక్కతోనూ అవే అంకెలు రావచ్చు. తేల్చేది రక్తం ఒక్కటే. ఈ కేసులో రక్తం పంపితే బీఆర్‌సీఏ1 మార్పు 49 శాతం కనిపించింది, టీపీ53 అసలు లేదు. అంటే టీపీ53 లైన్ బంధువులెవరికీ సంబంధించింది కాదు, దాని గురించి ఇంట్లో ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. ఈ రకం అండాశయ క్యాన్సర్లలో దాదాపు అన్నింటిలోనూ టీపీ53 చెడిపోయే ఉంటుంది. బీఆర్‌సీఏ1 లైన్ మాత్రం అమ్మకు మందు సంగతి, బంధువులకు ముందుజాగ్రత్త సంగతి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గడ్డ రిపోర్టులో బీఆర్‌సీఏ కనిపించకపోతే కుటుంబానికి ఏమీ లేదని అనుకోకూడదు. జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతే గడ్డ పరీక్షకు అది దొరక్కపోవచ్చు. అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ రక్త పరీక్ష చేయాలన్న సిఫారసు ఉంది, దానికి ఇదీ ఒక కారణం. అలాగే "అర్థం తేలని మార్పు" అని రాసి ఉంటే, దాన్ని పట్టుకుని బంధువులు ఆపరేషన్లకు పరుగెత్తకూడదు. అది తర్వాత హానిలేనిదని తేలడం ఎక్కువగా జరుగుతుంది.

ఇక బంధువుల వంతు. వాళ్లకు మొత్తం జన్యువును చదవక్కర్లేదు, ఈ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు. అమ్మ తోబుట్టువులకు, పిల్లలకు సగం అవకాశం. మార్పు అమ్మకు పుట్టింటి ఏ వైపు నుంచి వచ్చిందో తెలియనప్పుడు తాతయ్య వైపు వాళ్లనూ అడగాలి. అండాశయం ఆడవాళ్లదే కాబట్టి అమ్మమ్మ వైపే చూస్తామంటే పొరపాటు. అమ్మానాన్నలది మేనరికమైతే నాన్నకూ అదే మార్పు ఉండే వీలుంది, ఆయనకూ పరీక్ష చేయించాలి. ఇద్దరికీ ఉంటే పిల్లలకు సంక్రమించే లెక్కే మారిపోతుంది. 18 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం ఈ పరీక్ష తొందరపడి చేయరు, ఎందుకంటే ఆ వయసులో చేయగలిగింది ఏమీ లేదు. రెటినోబ్లాస్టోమాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, పుట్టగానే చూడాలి, కన్ను నిలబడేది దాని వల్లే.

కూతురికి మార్పు రాలేదు. ఆమె పిల్లలకు ఇక ఈ పరీక్షే అవసరం లేదు. మేనమామకు మాత్రం వచ్చింది, అమెరికాలో ఉన్న ఆయన కూతురికి 31. మార్పు ఆమెకూ ఉంటే ఏటా రొమ్ముకు ఎంఆర్ఐ చేయించుకోవాలి, 35 నుంచి 40 ఏళ్ల మధ్య పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు, ఫెలోపియన్ ట్యూబులు తీయించుకోవడం గురించి మాట్లాడాలి. ఆమెకు వాట్సాప్‌లో "అత్తయ్యకు బీఆర్‌సీఏ వచ్చిందట" అని పంపితే అక్కడి ల్యాబ్‌కు అది అక్కరకు రాదు. రక్త పరీక్ష రిపోర్టు ఫొటోతో పాటు ఈ లైన్ ఉన్నదున్నట్టు పంపాలి:

```
BRCA1 c.68_69del
```

పాత రిపోర్టుల్లో ఇదే మార్పును `185delAG` అని రాసేవారు. రెండు పేర్లూ ఒక్కటేనని ఆమెకు ఒక లైన్ రాస్తే, అక్కడి కౌన్సెలర్ తికమకపడకుండా ఉంటారు.