పెద్ద పోస్టు చదువుతుంటే ఆవలింతలెందుకు? వాక్యాల పొడవు గురించి అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు తిండి గురించి, ఊళ్ళ గురించి రాసే పెద్ద పెద్ద పోస్టులు దిద్దడం నా పని. చాలావాటిలో సరుకు బాగానే ఉంటుంది. అయినా నాలుగు పేరాలు దాటేసరికి కళ్ళు పక్కకి పోతాయి. ఎందుకలా అవుతోందని అడిగితే రాసేవాళ్ళు చెప్పే కారణాల్లో అపోహలే ఎక్కువ.

అపోహ: చిన్న చిన్న వాక్యాలు రాస్తే చాలు, హాయిగా చదువుకుంటారు.

ఈ సలహా నమ్మి రాసిన పేరాలు ఇదిగో, ఇలా ఉంటాయి:

"నెల్లూరు చేపల పులుసు ఎంతో ప్రసిద్ధి చెందింది. ఇందులో చింతపండు పులుసు పోస్తారు. మామిడికాయ ముక్కలు వేస్తారు. మట్టికుండలో వండుతారు. మర్నాడు తింటే ఇంకా రుచిగా ఉంటుంది."

విడివిడిగా చూస్తే ఒక్క వాక్యంలోనూ తప్పు లేదు. వరసగా పైకి చదివితే తెలుస్తుంది అసలు సంగతి. తెలుగులో క్రియ మామూలుగా వాక్యం చివరే వస్తుంది కాబట్టి, వాక్యాలు పొట్టివయ్యేకొద్దీ ఆ ముగింపులు దగ్గర దగ్గరగా పడతాయి. పోస్తారు, వేస్తారు, వండుతారు. చెవికి విసుగు పుట్టించేది ఇదే. పొడవు మార్చి ముగింపులు అలాగే ఉంచేస్తే సగం పనే అయినట్టు.

దిద్దేటప్పుడు నేను ముందుగా ప్రతి వాక్యంలో చివరి మాటను పక్కన నిలువుగా రాసుకుంటాను. ఒకే తీరు మాటలు మూడు వరసగా కనిపించాయంటే అక్కడ చెయ్యి పెట్టాలి. పై పేరా ఇలా మారింది:

"నెల్లూరు చేపల పులుసులో అసలు కిటుకు మామిడికాయ. మట్టికుండలో చింతపండు పులుసు బాగా మరిగించి, చేప ముక్కలు జారవిడిచి, ఆపైన మామిడి ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా కుండనే అటూ ఇటూ కదిపి దించుతారు. ఆ పూటే తినేయకండి. రాత్రంతా ఉంటే ముక్కకి పులుపు పడుతుంది, రుచంతా మర్నాడే."

మొదటి వాక్యంలో క్రియే లేదు, 'మామిడికాయ' దగ్గర ఆగిపోయింది. రెండోది పొడవైనదే. మూడోది తినేవాళ్ళతో నేరుగా మాట్లాడుతోంది. చివరిది మళ్ళీ క్రియ లేకుండా ముగిసింది. 'ప్రసిద్ధి చెందింది' అన్న ముక్క పోయింది, దాని లోటు ఎవరికీ తెలియదు.

అపోహ: వాక్యం పొడవైతే తికమకే.

పైన పులుసు వాక్యం పొడవైనదే, ఎక్కడైనా తడబడ్డారా? మరిగించి, జారవిడిచి, వేసి, కదిపి... చేసేవాళ్ళు ఒకరే, పనులు జరిగే వరసలోనే వచ్చాయి. అలాంటప్పుడు నాలుగైదు పనులైనా తెలుగు వాక్యం సులువుగా మోస్తుంది. తికమక పెట్టేది వేరే రకం: "కావలి నుంచి వచ్చిన మామయ్య తెచ్చిన బుట్టలో అడుగున ఉన్న కాగితంలో చుట్టిన చేపలు". ఇందులో మాటలు తక్కువే. కానీ 'చేపలు' వచ్చేదాకా వచ్చిన, తెచ్చిన, ఉన్న, చుట్టిన అన్నీ మనసులో పట్టుకుని కూర్చోవాలి. దీన్ని రెండుగా విరిచేయాల్సిందే: "కావలి నుంచి మామయ్య ఒక బుట్ట తెచ్చాడు. అడుగున కాగితంలో చుట్టిన చేపలు."

మధ్యలో పని చేసేవాళ్ళు మారిపోయినా అక్కడ విరవడమే మంచిది.

అపోహ: వాక్యానికి పదిహేను, ఇరవై మాటలు దాటకూడదు.

ఇది ఇంగ్లీషు రాతకు చెప్పే లెక్క. రాత ఎంత సులువుగా చదవొచ్చో కొలిచే, పేరున్న ఫ్లెష్ సూత్రం 1948 నాటిది, అదీ ఇంగ్లీషు కోసం కట్టిందే. వాక్యానికి ఎన్ని మాటలు, మాటకి ఎన్ని అక్షరాలు పలుకుతాం అని చూస్తుంది. మనం 'రాలేకపోయాడనుకున్నారు' అని ఒక్క మాటలో అనేస్తాం, ఇంగ్లీషులో అది అరడజను మాటలు. ఆ లెక్కతో తెలుగును తూచే టూల్‌లో బాగుందని పచ్చ చుక్క వచ్చిందనో, బాలేదని ఎర్ర చుక్క వచ్చిందనో టెన్షన్ పడొద్దు. పైకి చదవండి. కామా లేని చోట ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆ వాక్యం పొడవెక్కువ.

అపోహ: రెండు పెద్ద వాక్యాలకి ఒక చిన్నది చొప్పున వేస్తే లయ వచ్చేస్తుంది.

నాలుగు పేరాలు అలా రాసి చూడండి, అదీ ఒక మూసైపోతుంది. చిన్న వాక్యం ఎక్కడ పడాలో విషయమే చెప్తుంది. "ఆ పూటే తినేయకండి" అక్కడ నిలబడిందంటే, వంట అయిపోయి తినేవాడి వైపు మాట తిరిగింది అక్కడే కనుక. తిరగడానికి ఏమీ లేని చోట చిన్న వాక్యం వేసి, దాన్ని విడి పేరాగా కూడా కొట్టేస్తే ఊరికే అరిచినట్టుంటుంది.

ఇక వంట విధానంలో అంచెలు మాత్రం ఒకేలా ఉంటేనే మేలు. పొయ్యి దగ్గర ఫోన్ చూస్తూ వండేవాళ్ళకి లయ అక్కర్లేదు. 'వేయండి, కలపండి, మూత పెట్టండి' అని వరసగా ఉంటే ఎక్కడిదాకా వచ్చారో వెంటనే దొరుకుతుంది. ఆ భాగాన్ని నేను ముట్టుకోను.