కండ్లకలక వస్తే పగటి పుసిని చూడండి

తిరుపతిలో కాలేజీ హాస్టల్ గదిలో ఒకరికి కండ్లకలక వస్తే, వారం పది రోజుల్లో పక్క మంచాలవాళ్ళ కళ్ళు కూడా ఎర్రబడటం మామూలే. వెంటనే అందరూ మెడికల్ షాపుకెళ్ళి యాంటీబయాటిక్ చుక్కలు కొంటారు. పెద్దవాళ్ళకు అంటుకునే కండ్లకలకల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. వాటికి ఆ చుక్కలు పనికిరావు.

ఒక డిగ్రీ కుర్రాడి సంగతి తీసుకుందాం. పోయిన వారం జలుబు చేసి గొంతు నొప్పెట్టింది. సోమవారం ఎడమ కన్ను ఎర్రబడి, ఇసుక పడినట్టు గరగరలాడుతూ నీళ్ళు కారింది. బుధవారానికి కుడి కన్నుకూ పాకింది. చెవికి కాస్త ముందు, దవడ దగ్గర వేలితో తడిమితే చిన్న బిళ్ళ తగిలి నొప్పెడుతోంది. ఇవన్నీ వైరస్ వైపే చూపిస్తాయి. ఇందులో ఎక్కువగా కనిపించేది అడినోవైరస్.

అయితే పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. చాలామంది పొరబడేది ఇక్కడే, చీము పట్టిందని భయపడతారు. రాత్రంతా కన్ను మూసి ఉంటే కన్నీరు, జిగురు కలిసి ఎండిపోతాయి కాబట్టి వైరస్ కండ్లకలకలోనూ రెప్పలు అతుక్కుంటాయి. అందుకే చూడాల్సింది పొద్దుటి పుసి కాదు, పగటి పుసి. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది తడిపి, ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడవండి. రెండో కన్నుకు వేరే దూది వాడాలి. చేతులు కడుక్కుని, పదిహేను నిమిషాలాగి అద్దంలో చూడండి. నీళ్ళో, పల్చటి జిగురో ఉంటే వైరస్ అయ్యే అవకాశం ఎక్కువ. పచ్చగానో ఆకుపచ్చగానో చిక్కటి చీము మళ్ళీ రెప్పల అంచున చేరితే బ్యాక్టీరియాను అనుమానించాలి. బ్యాక్టీరియా మీదికి గుంపుగా వచ్చి చచ్చిపోయిన తెల్ల రక్తకణాలే ఆ చీములో ఎక్కువగా ఉంటాయి.

పిల్లల లెక్క వేరు. బడి వయసు రాని పిల్లల్లో బ్యాక్టీరియా వాటా బాగా పెరుగుతుంది. ఇక రెండు కళ్ళూ విపరీతంగా దురద పెడుతూ, పుసి తీగలా సాగితే అది అలర్జీ కావచ్చు. అది అంటుకోదు. ఈ గుర్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయే సందర్భాలూ ఉంటాయి, కంటి డాక్టర్లకు కూడా చూడగానే తేలదు.

కండ్లకలక ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందనేది నిజం కాదు. అది ముఖ్యంగా చేతుల ద్వారా, తువ్వాలు, దిండు గలీబు ద్వారా పాకుతుంది. అడినోవైరస్ పొడి తలుపు గడియ మీద కూడా వారాల తరబడి బతకగలదు, మామూలు శానిటైజర్‌కు అంత తేలిగ్గా లొంగదు. సబ్బుతో బాగా రుద్ది కడుక్కోవడమే మేలు. సోకిన 5 నుంచి 12 రోజులకు లక్షణాలు బయటపడతాయి. కన్ను ఎర్రగా ఉండి నీళ్ళు కారుతున్నన్నాళ్ళూ, అంటే పది పన్నెండు రోజులు, కొందరికి రెండు వారాల దాకా అది ఇతరులకు అంటుకుంటూనే ఉంటుంది. బ్యాక్టీరియా రకమూ చేతుల మీదుగానే అంటుకుంటుంది గానీ, సరైన చుక్కలు మొదలుపెట్టి 24 గంటలు గడిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

మన షాపుల్లో తరచూ ఇచ్చే యాంటీబయాటిక్ మాక్సిఫ్లాక్ససిన్ బ్యాక్టీరియాలోని ఎంజైములను అడ్డుకుంటుంది. వైరస్‌కు ఆ ఎంజైములు లేవు, అది మన కణాల యంత్రాంగాన్నే వాడుకుని పెరుగుతుంది. అంటే మందుకు అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. మరి చుక్కలు వేశాక తగ్గిందంటారే? వైరస్ కండ్లకలక మొదటి నాలుగైదు రోజులు ముదిరి, తర్వాత దానంతటదే దిగుతుంది. మన కుర్రాడు మూడో రోజున చుక్కలు మొదలుపెడితే, తొమ్మిదో రోజున కన్ను తేటపడ్డ ఘనత సీసాకు పోతుంది. పైగా ఆ సీసా మూతి రెప్పకు తగిలి, అదే సీసాను గదిలో అందరూ వాడితే వైరస్‌ను చేతులారా పంచినట్టే. అతనికి కావాల్సింది చల్లటి తడిగుడ్డ, రోజుకు నాలుగుసార్లు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కృత్రిమ కన్నీటి చుక్కలు, విడి తువ్వాలు. బ్యాక్టీరియా రకం కూడా చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, చుక్కలు ఆ గడువును కొద్దిగా కుదిస్తాయి అంతే.

వృథా చుక్కల కంటే ఎక్కువ భయపడాల్సింది స్టెరాయిడ్ కలిసిన చుక్కలకు. సీసా మీద డెక్సామెథసోన్ అనో ప్రెడ్నిసొలోన్ అనో ఉంటే డాక్టరు చూడకుండా వేయకండి. ఎరుపు త్వరగా తగ్గినట్టే ఉంటుంది, కానీ అడినోవైరస్ ఇంకా ఎక్కువ రోజులు కంట్లో నిలవగలదు. అసలు కారణం హెర్పిస్ వైరస్ అయితే నల్లగుడ్డు మీద పుండు ముదిరి చూపుకే ముప్పు వస్తుంది. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కన్ను బాగా నొప్పెట్టినా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపించినా, కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళకు కన్ను ఎర్రబడినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. నెలలోపు పసిబిడ్డ కంట్లో చీము కారితే గంటలు కూడా ఆగకూడదు.