మదనపల్లె నుంచి మొదలైన బీసీజీ: నివారణలో మూడు దశల వెనుక కథ

కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ చదివేవాళ్లు నివారణ దశలను ఒకటి, రెండు, మూడు అని వరసగా నేర్చుకుంటారు. జబ్బు రాకుండా చూడటం ప్రాథమిక నివారణ. వచ్చినదాన్ని తొందరగా పట్టుకుని వైద్యం చేయడం ద్వితీయం. ముదిరినవాళ్లకు వైకల్యం మిగలకుండా చూసి, మళ్లీ మామూలు బతుకులోకి తేవడం తృతీయం. ల్యావెల్, క్లార్క్ అనే అమెరికన్ వైద్యులు 1950ల్లో ఈ విభజనకు ప్రాచుర్యం తెచ్చారు. అయితే చిత్తూరు ప్రాంతంలో క్షయ విషయంలో ఈ మూడూ వచ్చింది తిరగేసిన వరసలో.

ముందు వచ్చింది శానటోరియం. అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నాటికే క్షయ రోగులను చేర్చుకునేవారు. మందు లేని కాలం అది. మంచి గాలి, తిండి, నెలల తరబడి విశ్రాంతి, అంతే. తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో జబ్బు ఎవరికి ఉందో వెతికే పని పెరిగింది. మన దేశంలో బీసీజీ టీకా పని 1948లో మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అంటే ప్రాథమిక నివారణ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

ఆ కాలపు టీకా కార్యక్రమం ఎలా జరిగేదో చూస్తే దశల సంగతి బాగా అర్థమవుతుంది. బృందం ఊరికి రాగానే టీకా వేసేది కాదు. ముందు చేతికి ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసేది. మూడో రోజున మళ్లీ వచ్చి, సూది పడ్డ చోట గట్టిపడిందా లేదా అని చూసేది. గట్టిపడితే క్రిమి అప్పటికే ఒంట్లో చేరిందని లెక్క, వాళ్లకు టీకా వేసేవారు కాదు. గట్టిపడనివాళ్లకే బీసీజీ. జబ్బు అంకురించకముందు కాలానికీ తర్వాతి కాలానికీ మధ్య గీత ఆ పరీక్షే గీసింది. మొదటి రోజు వచ్చినవాళ్లంతా మూడో రోజు కనబడాలంటే పల్లెటూళ్లో కష్టం, పొలం పని ఆగదు కదా! తర్వాత ముందస్తు పరీక్షను మానేసి నేరుగా టీకా వేసే పద్ధతి వచ్చింది. 1978లో వచ్చిన విస్తృత టీకా కార్యక్రమంలో, 1985లో వచ్చిన సార్వత్రిక టీకా కార్యక్రమంలో బీసీజీ పసిపిల్లల టీకాగా స్థిరపడింది.

ఈలోగా మన సరిహద్దు దాటగానే ఉండే అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో భారీ బీసీజీ పరిశోధన మొదలైంది. పెద్దవాళ్లలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేకపోయిందని అందులో తేలింది. పసిపిల్లలకు వచ్చే మెదడు పొరల క్షయ, ఒళ్లంతా పాకే క్షయ లాంటి తీవ్ర రూపాల నుంచి మాత్రం టీకా బాగా కాపాడుతుంది. అందుకే టీకా వేశాం, పని అయిపోయింది అనుకునే నర్సు సగం పనే చేసినట్టు అని నా అభిప్రాయం.

ఇప్పటి టీకా రోజునే తీసుకుందాం. చిత్తూరు దగ్గర ఒక పల్లె అనుకోండి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయికి రెండు నెలల పాప ఉంది. పుట్టినప్పుడు బీసీజీ పడలేదు. బీసీజీ వయల్ ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్క పాప కోసం వయల్ తెరవాలా అని తటపటాయించి, తర్వాతి వారం రమ్మనడం దగ్గరే చాలామంది పిల్లలు తప్పిపోతారు. వృథాకు భయపడకుండా తెరవాల్సిందే.

నెల దాటింది కాబట్టి మోతాదు 0.1 మి.లీ. ఎడమ భుజం మీద చర్మం పొరల్లోకి వేయాలి. సరిగ్గా పడితే తెల్లటి చిన్న బుడిపె లేస్తుంది. లేవకపోతే సూది లోతుకు దిగినట్టే. రెండు మూడు వారాలకు అక్కడ చిన్న గడ్డ వస్తుంది, పుండై, పక్కు కట్టి, రెండు మూడు నెలల్లో మచ్చగా మానుతుంది. పుండు పడిందని నూనె, పసుపు రాయొద్దని తల్లికి ఆ రోజే చెప్పాలి. మచ్చ పడకపోయినా టీకా మళ్లీ వేయరు.

పాపను ఎత్తుకొచ్చిన తాత రెండు వారాలుగా దగ్గుతున్నాడని అక్కడే తెలిసిందనుకోండి, ఏఎన్ఎం పని ద్వితీయ దశలోకి మారిపోతుంది. అదే రోజు కళ్లె నమూనా డబ్బా చేతికిచ్చి, పీహెచ్‌సీకి పంపించి, ఫలితం వచ్చేదాకా వెంటపడాలి. టీబీ అని తేలితే మామూలు రకానికి ఆరు నెలలు మందులు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి మందులు మానేసే ప్రమాదం ఎక్కువ. అలా మానేసినప్పుడే ఊపిరితిత్తులు శాశ్వతంగా పాడవుతాయి, మందులకు లొంగని రకం పుడుతుంది. ఆ నష్టాన్ని ఆపి, ఆయన మళ్లీ పనికి వెళ్లేలా చూడటం తృతీయ నివారణ.

పాప విషయమూ అక్కడితో ముగియదు. బీసీజీ పడినా, తాతకు టీబీ ఉందని తేలితే ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరినీ డాక్టర్‌కు చూపించాలి. బరువు పెరగకపోవడం, విడవని జ్వరం, దగ్గు లాంటివి ఉన్నాయేమో చూసి, జబ్బు లేదని నిర్ధారించుకున్నాకే నివారణ మందు మొదలుపెడతారు. సాధారణంగా అది ఆరు నెలల ఐసోనియాజిడ్. జబ్బు ఉండగా ఆ ఒక్క మందే ఇస్తే క్రిమి దానికి అలవాటు పడిపోతుంది. అందుకే ఏఎన్ఎం పాప పేరును టీకా రిజిస్టర్‌లోనే కాక, తాత టీబీ కార్డులో ఇంటివాళ్ల జాబితాలోనూ రాయించాలి.