జకార్తా ఏడేళ్లలో నాలుగింతలు ఎలా అయింది?

ప్రపంచంలో అత్యధిక జనాభా గల నగరం ఏదని అడిగితే, మొన్నమొన్నటి దాకా విద్యార్థులు తడుముకోకుండా టోక్యో అని చెప్పేవారు. 2025 నవంబరులో ఐక్యరాజ్యసమితి విడుదల చేసిన పట్టణీకరణ నివేదిక ఆ స్థానాన్ని ఇండోనేషియాకు చెందిన జకార్తాకు ఇచ్చింది. జకార్తాలో దాదాపు 4.2 కోట్లు, బంగ్లాదేశ్‌లోని ఢాకాలో దాదాపు 3.7 కోట్లు, టోక్యోలో సుమారు 3.3 కోట్ల మంది ఉన్నారని ఆ నివేదిక లెక్కకట్టింది. అయితే ఇదే సంస్థ 2018లో ప్రకటించిన జాబితాలో టోక్యో 3.74 కోట్లతో మొదటి స్థానంలో ఉండగా, జకార్తా సుమారు 1.05 కోట్లతో మొదటి ఇరవై నగరాల్లో కూడా చోటు దక్కించుకోలేదు. ఈ రెండు జాబితాలనూ చూసిన వారెవరికైనా ఏడేళ్లలో ఒక నగరం నాలుగింతలు కావడం ఎలా సాధ్యమన్న సందేహం తప్పక కలుగుతుంది.

అది సాధ్యం కాదని చిన్న లెక్కతోనే తేలిపోతుంది. ఏడేళ్లలో నాలుగింతలు కావాలంటే జనాభా ఏటా దాదాపు 22 శాతం చొప్పున పెరగాలి. చాలా వేగంగా పెరిగే మహానగరాల్లో కూడా ఈ రేటు నాలుగైదు శాతం దాటడం అరుదు. పైగా టోక్యోలో దాదాపు నలభై లక్షల మంది తగ్గినట్లు కనిపిస్తోంది గానీ, అంతమంది ఆ నగరాన్ని విడిచి వెళ్లిన దాఖలా ఏదీ లేదు. కాబట్టి ఇక్కడ మారింది జనం కాదు, నగరం చుట్టూ గీసిన గీత.

2018 వరకు ఐక్యరాజ్యసమితి తన సొంత గీత గీయలేదు. ఒక్కో దేశం ఏ హద్దుతో జనాభాను ప్రకటిస్తే ఆ అంకెనే, చాలా వరకు యథాతథంగా స్వీకరించి, అన్నింటినీ ఒకే పట్టికలో పేర్చేది. జకార్తా విషయంలో వచ్చిన అంకె సుమారు 660 చదరపు కిలోమీటర్ల రాజధాని ప్రాంతానిది మాత్రమే. ఆ హద్దుకు అవతల పశ్చిమ జావా, బాంతెన్ రాష్ట్రాల్లో ఉన్న బోగోర్, దెపోక్, తంగెరాంగ్, బెకాసీ పట్టణాలు రాజధానితో ఎంతగా కలిసిపోయినా ఆ లెక్కలోకి రాలేదు. కట్టడాల విస్తీర్ణాన్ని బట్టి లెక్కించే డెమోగ్రాఫియా అనే మరో జాబితా మాత్రం 2022 నాటికే జకార్తాకు 3.3 కోట్లకు పైగా జనాభాను చూపించి, టోక్యో తర్వాత రెండో స్థానం ఇచ్చింది. అంటే నిపుణులకు ఇది కొత్త విషయం కాదు.

టోక్యో అంకె ఇందుకు పూర్తిగా భిన్నమైన పద్ధతిలో వచ్చింది. టోక్యో నగరం అనే పాలనా విభాగం 1943లోనే రద్దయింది. ఇప్పుడున్నది 23 వార్డులతో పాటు శివారు పట్టణాలను, పడమటి కొండలను, చివరికి దక్షిణాన వెయ్యి కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్యనున్న ఒగసవారా దీవులను సైతం కలుపుకొన్న టోక్యో రాష్ట్రం. 2020 జనగణన ప్రకారం ఆ 23 వార్డుల్లో సుమారు 97 లక్షల మంది, రాష్ట్రం మొత్తంలో 1.4 కోట్ల మంది ఉన్నారు. మరి మూడున్నర కోట్లకు మించిన అంకె ఎక్కడిది? అది రాకపోకల లెక్క. జపాన్ గణాంక శాఖ ఒక ఊరి జనాభాలో 1.5 శాతం మంది చదువుకో ఉద్యోగానికో కేంద్ర నగరానికి రోజూ వెళ్లివస్తుంటే, ఆ ఊరిని మహానగర ప్రాంతంలో చేరుస్తుంది. ఇది చాలా ఉదారమైన నియమం. అమెరికాలో ఒక కౌంటీని పక్కనున్న మహానగర ప్రాంతంలో చేర్చాలంటే, అక్కడి ఉద్యోగుల్లో 25 శాతం మంది అలా ప్రయాణించాలి, లేదా ఎదురు దిశలో అంతే స్థాయి రాకపోకలు ఉండాలి. 1.5 శాతం నియమంతో టోక్యో చుట్టూ ఏర్పడే ప్రాంతం సుమారు 14 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఒకే పట్టికలో ఒక నగరాన్ని దాని రైళ్లు వెళ్లగలిగినంత దూరం చాచి, మరో నగరాన్ని దాని పాలనా హద్దు దగ్గరే కత్తిరించి, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టారన్న మాట.

పాలనా హద్దునే నమ్ముకుంటే ఏమవుతుందో చైనాలోని చోంగ్‌చింగ్ చెబుతుంది. 1997లో అది కేంద్ర ప్రభుత్వం నేరుగా పాలించే మునిసిపాలిటీ అయింది. విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు కిలోమీటర్లు, దాదాపు ఆస్ట్రియా దేశమంత. 2020 జనగణనలో అక్కడి జనాభా 3.2 కోట్లు కావడంతో, అదే ప్రపంచంలోకెల్లా పెద్ద నగరమని కొన్ని జాబితాలు ప్రకటిస్తాయి. కానీ జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 390 మంది మాత్రమే వస్తారు. ఇది పొలాలూ కొండలూ ఊళ్లూ కలగలిసిన పెద్ద జిల్లా సాంద్రతే గాని నగర సాంద్రత కాదు. 2018 నాటి ఐక్యరాజ్యసమితి పట్టికే ఈ నగరానికి సుమారు 1.5 కోట్లు ఇచ్చింది. ఏ జాబితా చూసినా విస్తీర్ణం కోసం వెతికి ఈ భాగహారం చేస్తే, సగం గందరగోళం అక్కడికక్కడే విడిపోతుంది. విస్తీర్ణమే ఇవ్వని జాబితాలు చాలా ఉన్నాయన్నది వేరే సంగతి.

2025 నివేదిక ఈ హద్దులన్నింటినీ పక్కన పెట్టి, 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన ఏకరూప పద్ధతిని వాడింది. ఈ పద్ధతి నిజంగా ముచ్చటైనది. గళ్ల కాగితం మీద పటం గీసినట్లు, భూమినంతా ఒక్కో చదరపు కిలోమీటరు గడులుగా విభజిస్తారు. ఏ గడిలో కనీసం 1,500 మంది ఉంటే అది దట్టమైన గడి. అలాంటి గడులు భుజాలు కలుపుకొని వరుసగా ఉంటే అవన్నీ ఒకే గుంపు. మూలలు మాత్రమే తాకితే కలిసినట్లు కాదు. ఆ గుంపు జనాభా కనీసం 50 వేలు ఉంటే అది నగరం. గుంపు మధ్యలో ఉద్యానవనమో సరస్సో ఖాళీగా ఉంటే నింపేస్తారు. అంచుల్లోని ఒక గడి చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఐదు అదే గుంపుకు చెందితే, ఆ గడి పలచగా ఉన్నా దాన్నీ చేర్చుకుంటారు. అంతే. ఇందులో ఏ ప్రభుత్వపు ప్రకటనతోనూ పని లేదు.

ఈ నియమం ఎక్కడ గట్టిగా నిలుస్తుందో, ఎక్కడ సున్నితంగా మారుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. 40 లక్షల జనాభా గల గుంపు ఒకటి, 12 లక్షల గుంపు ఒకటి ఉన్నాయనీ, వాటి మధ్య రహదారి వెంట మూడే గడులు ఉన్నాయనీ అనుకుందాం. వాటిలో వరుసగా 1,900, 1,460, 1,700 మంది నివసిస్తున్నారు. నడిమి గడి 1,500కు చేరలేదు కాబట్టి గొలుసు అక్కడ తెగుతుంది. చుట్టూ పొలాలే గనుక ఎనిమిదిలో ఐదు అన్న నియమమూ దానికి వర్తించదు. పట్టికలో రెండు వేర్వేరు నగరాలు కనిపిస్తాయి. ఆ గడిలోకి మరో యాభై మంది వచ్చి చేరారంటే గొలుసు అతుక్కుంటుంది, 52 లక్షల నగరం ఒక్కటే మిగులుతుంది. అంటే యాభై మంది రాకతో పెద్ద నగరం లెక్కకు పన్నెండు లక్షలు కలిశాయి.

జావాలో జరిగింది ఇలాంటి అతుకులే, అయితే ఒకటి రెండు కాదు, అన్ని దిక్కులా. ఆ ద్వీపం ఎంత జనసమ్మర్దమైనదంటే, పంట పొలాల నడుమ ఉన్న పల్లెల్లోనూ చదరపు కిలోమీటరుకు 1,500 మంది తేలిగ్గా ఉంటారు. జకార్తా నుంచి బయలుదేరిన దట్టమైన గడుల గొలుసు బోగోర్, బెకాసీ, తంగెరాంగ్‌లను దాటి తెగకుండా సాగిపోతుంది. ఢాకా ఉన్న గంగా డెల్టాలోనూ ఇదే తీరు. టోక్యోలో గొలుసు అడవులు కప్పిన కొండల దగ్గరా, చదునైన పొలాల దగ్గరా తెగిపోతుంది. ఆ అవతలి పట్టణాల వారు రోజూ రైలెక్కి టోక్యోకు వెళ్లివస్తున్నా, గడులు కలవలేదు కాబట్టి వారు లెక్కలో లేరు. అందుకే ఇక్కడ టోక్యో కొంత కుదించుకుపోయింది. ఈ పద్ధతి రాకపోకలను చూడదు, నివాసాన్నే చూస్తుంది. రోజువారీ రాకపోకల సమాచారం చాలా దేశాల్లో సేకరించకపోవడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు గడిలోని అంకె దగ్గరే ఉంది. జనగణన గడులవారీగా జరగదు. ఊరికో వార్డుకో ఒక అంకె వస్తుంది. జపాన్ వంటి కొన్ని దేశాలే గడులవారీ లెక్కలను ప్రకటిస్తాయి. మిగతా చోట్ల ఊరి జనాభాను, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే కట్టడాల నిష్పత్తిలో గడులకు పంచుతారు. పది చదరపు కిలోమీటర్ల ఊరిలో 12 వేల మంది ఉన్నారనుకుందాం. సమానంగా పంచితే గడికి 1,200 మంది వస్తారు, ఒక్క గడి కూడా దట్టమైనది కాదు. కట్టడాలన్నీ నాలుగు గడుల్లోనే ఉన్నాయని ఉపగ్రహం చెబితే ఒక్కో దానికి 3,000 మంది వస్తారు, నాలుగూ దట్టమైనవే. జనగణన అంకె మారలేదు, పంపకం మారింది. గొలుసు తెగడమో అతకడమో ఆ పంపకాన్ని బట్టే ఉంటుంది. చిత్రంలో కనిపించే పైకప్పు ఇంటిదా కర్మాగారానిదా అన్నది తప్పుగా గుర్తిస్తే, ఎవరూ నివసించని షెడ్లలోకి జనం చేరిపోతారు. ఇటీవలి పటాలు నివాసేతర కట్టడాలను వేరు చేసే ప్రయత్నం చేస్తున్నాయి గానీ, పొరపాట్లు పూర్తిగా పోలేదు.

కొత్త నివేదిక పాత సంవత్సరాల అంకెలను కూడా ఇదే పద్ధతిలో తిరిగి లెక్కించింది. ఆ శ్రేణిలో 2000 సంవత్సరంలో టోక్యో మొదటి స్థానంలోనే ఉంది, ఢాకా తొమ్మిదో స్థానంలో ఉంది. కాబట్టి నిజమైన పెరుగుదలను చూడదలచుకున్నవారు 2018 పట్టికను 2025 పట్టిక పక్కన పెట్టకూడదు. కొత్త శ్రేణిలోనే 2000ను, 2025ను పోల్చాలి. అలా పోలిస్తే ఇరవై అయిదేళ్ల కాలంలో ఢాకా ఎగబాకిన తీరు, గీత మార్పుతో ప్రమేయం లేకుండా, వాస్తవమైనదేనని కనిపిస్తుంది. 2050 నాటికి ఢాకాయే మొదటి స్థానానికి చేరవచ్చని కూడా ఆ నివేదిక అంచనా వేసింది.

ఇక స్థానాల మధ్య దూరం విషయం. జకార్తాకూ ఢాకాకూ నడుమ యాభై లక్షల వరకు, ఢాకాకూ టోక్యోకూ నడుమ ముప్పై లక్షలకు పైగా తేడా ఉంది. ఈ తేడాలు పెద్దవిగానే కనిపిస్తాయి. కానీ దట్టమైన గడికి 1,500 అన్న గీతను 2,000కు జరిపితే, జావాలోనూ డెల్టాలోనూ పల్లెల మీదుగా సాగే గొలుసులు ముందుగా తెగుతాయి. అంతకంటే కిక్కిరిసిన టోక్యో నడిబొడ్డుకు పెద్దగా నష్టం ఉండదు.