పది పిన్నులకు ఇరవై పాయింట్లా?

చిరంజీవులకు,

మొన్న బౌలింగ్ ఆడి వచ్చి మీరిద్దరూ ఫోన్‌లో నన్ను అడిగింది గుర్తుంది. పడ్డవి పదే పిన్నులు, తెర మీద మాత్రం 20 ఎలా వచ్చిందని. మెషీన్ తప్పు చేయలేదర్రా. లెక్కే అలాంటిది.

ఆటకు పది ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో పది పిన్నులు, రెండు బంతులు. రెండూ వేశాక కూడా పిన్నులు మిగిలితే పడినవే మీ పాయింట్లు. రెండో బంతితో పది పూర్తయితే స్పేర్; దాని పదికి తర్వాతి ఒక్క బంతి పాయింట్లు కలుస్తాయి. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్. దానికి తర్వాతి రెండు బంతులవి కలుస్తాయి. (మొదటి బంతికి సున్నా, రెండోదానికి పదీ పడినా అది స్పేరే!) అందుకే తెర మీద ఆ ఫ్రేము గడి కాసేపు ఖాళీగా ఉంటుంది, తర్వాతి బంతులు పడాలి కదా.

ఇలా పడ్డాయనుకోండి. మొదటి ఫ్రేములో 7, 3. రెండోది స్ట్రైక్. మూడోదీ స్ట్రైక్. నాలుగో ఫ్రేములో 6, 2.

మొదటిది స్పేర్. తర్వాతి బంతి పది కొట్టింది కాబట్టి 10+10, అంటే 20. మీరు చూసింది ఇదే. రెండో ఫ్రేము స్ట్రైక్‌కు తర్వాతి రెండు బంతులు ఏవి? మూడో ఫ్రేములోని 10, నాలుగో ఫ్రేములోని మొదటి 6. కాబట్టి 26, మొత్తం 46. చాలామంది తడబడేది ఇక్కడే. తర్వాతి రెండు ఫ్రేములు మొత్తం కలిపేసి 28 అంటారు. ఫ్రేములు కాదు, బంతులు లెక్కపెట్టాలి. మూడో ఫ్రేముకు 10+6+2, అంటే 18, మొత్తం 64. నాలుగోది మామూలు 8. మొత్తం 72.

ఇక పదో ఫ్రేము. అక్కడ స్ట్రైక్ పడితే, కలుపుకోవడానికి ఆ తర్వాత ఫ్రేము లేదు. అందుకని అదే ఫ్రేములో ఇంకో రెండు బంతులిస్తారు, స్పేర్‌కు ఒకటి. రెండూ కాకపోతే రెండు బంతులతోనే ఆట ముగుస్తుంది. ఎనిమిదో ఫ్రేము దాకా 130 ఉందనుకుందాం. తొమ్మిదోది స్ట్రైక్. పదోదానిలో స్ట్రైక్, 7, 3. తొమ్మిదోదానికి 10+10+7, అంటే 27; మొత్తం 157. పదోదానికి 10+7+3, అంటే 20. చివరికి 177. ఆ 7, 3 కూడా స్పేరే కదా, దానికి ఇంకో బంతి ఏదని అడగకండి. అవి స్ట్రైక్ కోసం ఇచ్చిన బంతులు, వాటికి మళ్లీ బోనస్ ఉండదు.

ఒక్క పిన్నూ మిగలకుండా వరుసగా పన్నెండు స్ట్రైకులు వేస్తే 300, అంతకు మించి రాదు. ఎందుకు పన్నెండో, పది ఎందుకు చాలవో మీరే లెక్కగట్టి రాయండి.

మీ తాతయ్య